డయాలసిస్‌కు వెళ్లే సూపర్‌వైజర్ అర్జీకి యజమాని జవాబు ఎలా ఉండాలి?

పలాస, కాశీబుగ్గల్లో జీడి ఫ్యాక్టరీలు వీధికొకటి ఉంటాయి. ఆ చుట్టుపక్కలే ఉద్దానం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎందుకింతగా ఉందో, ఏళ్ల తరబడి పరిశోధనలు సాగినా ఇదే కారణమని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. డయాలసిస్ దగ్గర్లోనే దొరికితే చాలామందికి ఉద్యోగం మానకుండా చికిత్స చేయించుకునే వీలుంటుంది. దాంతో ఫ్యాక్టరీ యజమానుల బల్ల మీదికి ఒక కొత్త రకం కాగితం వస్తుంది: ‘వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు వెళ్లాలి, పని వేళలు మార్చండి’ అని. ఆ కాగితానికి ఇచ్చే జవాబు సాధారణంగా రెండు రకాలు. ఒకటి ‘కుదరదు’. రెండోది మెత్తగా చెప్పే ‘కుదరదు’, అంటే ‘ఆరోగ్యం ముఖ్యమమ్మా, ఇంట్లో విశ్రాంతి తీసుకో’ అనడం. వినేవాళ్లకు రెండోది దయలా అనిపిస్తుంది. నెలాఖరులో జీతం పడనప్పుడు రెండూ ఒకటే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అరవై మంది పనిచేసే జీడి ఫ్యాక్టరీ. అందులో గ్రేడింగ్ విభాగంలో ఒక మహిళా సూపర్‌వైజర్, జీతం నెలకు 18,000. పని ఉదయం ఎనిమిది నుంచి ఐదు దాకా, మధ్యలో గంట భోజన విరామం, ఆదివారం సెలవు. వారానికి 48 గంటల పని. ఆమెకు సోమ, బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం పన్నెండున్నరకు డయాలసిస్. ఒక్కో విడత నాలుగు గంటలు పడుతుంది. యజమానికి ఇచ్చిన అర్జీలో నాలుగు కోరికలు రాసింది. ఆ మూడు రోజులూ పదకొండున్నరకు వెళ్లనివ్వాలి. పప్పు ఆరబెట్టే వేడి గది, అంటే బోర్మా దగ్గర తనిఖీ పని తప్పించాలి. డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉన్న ఎడమ చేత్తో టిన్నులు ఎత్తించకూడదు. జీతం తగ్గించకూడదు.

యజమాని గుమస్తాకు మొదట తట్టే ప్రశ్న ‘సదరం సర్టిఫికెట్ ఉందా?’ అనేదే. ఆ వైకల్య ధ్రువపత్రం ఆమెకు లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం షెడ్యూలులో అంధత్వం, వినికిడి లోపం, తలసీమియా, సికిల్ సెల్ వంటి 21 వైకల్యాలున్నాయి. కిడ్నీ వైఫల్యం వాటిలో లేదు. సర్టిఫికెట్ లేదు కాబట్టి అర్జీ చెల్లదని అక్కడితో ఫైలు మూసేస్తే అది తొందరపాటు. ఆ చట్టంలో రెండు వేర్వేరు నిర్వచనాలున్నాయి. ఉద్యోగాల్లో రిజర్వేషన్ లాంటి వాటికి 40 శాతం వైకల్యం, దానికి సర్టిఫికెట్ కావాలి. ‘వైకల్యం ఉన్న వ్యక్తి’ అనే నిర్వచనం మాత్రం ఇంతకంటే విశాలం. దీర్ఘకాలం ఉండే శారీరక లోపం, బయటి అడ్డంకులతో కలిసి, మనిషిని నలుగురితో సమానంగా పాల్గొననీయకపోతే చాలు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో ఈ తేడానే పట్టుకుంది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే జబ్బున్న అభ్యర్థి సివిల్స్ పరీక్షకు లేఖకుణ్ణి అడిగాడు. నలభై శాతం వైకల్యం లేదంటూ యూపీఎస్సీ కాదంది. తగిన సర్దుబాటు పొందడానికి ఆ నలభై శాతం గీత అడ్డు రాదని కోర్టు తేల్చింది. సర్దుబాటు ఏది అన్నది ఆ మనిషితో మాట్లాడి, ఆ మనిషి అవసరాన్ని బట్టి తేల్చాలని కూడా చెప్పింది.

అది డయాలసిస్ కేసు కాదు, ప్రైవేటు ఫ్యాక్టరీ కేసూ కాదు. ప్రభుత్వ సంస్థ అయితే ఉద్యోగికి తగిన సర్దుబాటు చేసి తీరాలని చట్టం 20వ సెక్షన్‌లో నేరుగా చెబుతుంది. ప్రైవేటు యజమాని విషయంలో అంత సూటి వాక్యం లేదు. అక్కడ బాధ్యత చుట్టుదారిలో వస్తుంది. తగిన సర్దుబాటు నిరాకరించడాన్ని చట్టం వివక్ష నిర్వచనంలోనే చేర్చింది. పైగా ప్రతి సంస్థా, అంటే ప్రైవేటు ఫ్యాక్టరీ కూడా, సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలి. ఇరవై మంది, అంతకు మించి ఉన్న ప్రైవేటు సంస్థ అయితే వైకల్యం ఉన్నవారికి ఏ సౌకర్యాలు ఇస్తుందో, ఆ వ్యవహారం చూసే అధికారి ఎవరో కూడా అందులో రాయాలి. అరవై మంది ఉన్న ఫ్యాక్టరీ దీని కిందికి వస్తుంది. గోడ మీద కనీస వేతనాల పట్టిక కనిపించినంతగా ఈ కాగితం కనిపించదన్నది వేరే సంగతి. కాబట్టి ‘చట్టం నాకు వర్తించదు’ అని యజమాని గట్టిగా అనలేడు. ‘అడిగినవన్నీ ఇచ్చి తీరాలి’ అని ఉద్యోగి కూడా అనలేదు. చట్టమే ఒక హద్దు పెట్టింది: ఆ ప్రత్యేక సందర్భంలో సంస్థ మీద మోయలేని, పొంతన లేని భారం పడకూడదు. ‘ఆ ప్రత్యేక సందర్భంలో’ అన్న షరతుతోనే యజమాని పని మొదలవుతుంది. వ్యాపారం కష్టంగా ఉందని ఊరికే అంటే చాలదు. ఈ ఉద్యోగి, ఈ పని, ఈ గంటలు తీసుకుని లెక్క వేయాలి.

లెక్క వేసే ముందు డాక్టరు నుంచి ఒక కాగితం అడగవచ్చు. అయితే అడగాల్సింది కేసు షీటు కాదు, క్రియాటినిన్ అంకెలూ కాదు. డయాలసిస్ ఏ రోజుల్లో, ఏ వేళ, ఎన్ని గంటలు. ఫిస్టులా ఏ చేతికి. ఎంత బరువు ఎత్తకూడదు. వేడిలో ఎంతసేపు ఉండవచ్చు. మళ్లీ ఎప్పుడు చూస్తారు. ఇంతవరకు చాలు. జబ్బు ఎందుకొచ్చింది, ఎన్నాళ్లు బతుకుతుంది లాంటి ప్రశ్నలకు ఫ్యాక్టరీ పనితో సంబంధం లేదు. ఉద్దానంలో ముంజేతి మీద ఉబ్బిన నరం చూడగానే సంగతి ఏమిటో అందరికీ తెలిసిపోతుంది, నిజమే. అయినా తోటి పనివాళ్లకు యజమాని చెప్పాల్సింది వేళలు మారాయన్న మాటే, ఎందుకు మారాయో చెప్పడం ఆమె ఇష్టం.

ఇక ఆమె కోరికలు. నాలుగింటినీ కట్టగట్టి ఔననడం గానీ కాదనడం గానీ చేస్తే జవాబు చెడిపోతుంది. ఒక్కోదానికి అసలు కారణం వేరు, ఖర్చు వేరు.

బోర్మా నుంచి మొదలుపెడదాం. పిక్క పగలగొట్టాక పొట్టు వదిలేందుకు పప్పును ట్రేలలో పోసి బోర్మాలో ఆరబెడతారు. లోపల 65–70 డిగ్రీల వేడి ఉంటుంది, ఆరడానికి ఆరేడు గంటలు పడుతుంది. ట్రేలు మార్చేటప్పుడల్లా సూపర్‌వైజర్ వెళ్లి పప్పు విరిచి చూడాలి. ఇక్కడ చిక్కు చెమట కాదు, దాహం. మూత్రం సరిగా రాని మనిషి తాగిన నీళ్లు తర్వాతి డయాలసిస్ దాకా ఒంట్లోనే నిలుస్తాయి. అందుకే డాక్టర్లు రోజుకు ఇంతేనని కొలత పెడతారు. చాలామందికి అది లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. బోర్మా దగ్గర గంటసేపు తిరిగితే ఆ కొలత నిలవదు. కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది, తర్వాతి విడతలో ఎక్కువ నీరు లాగాల్సి వచ్చి బీపీ పడిపోతుంది. ‘ఫ్యాను పెట్టిస్తాం’ అనే జవాబు యజమానికి సులభంగా తడుతుంది గానీ, దానితో ఈ సమస్య తీరదు. తీరే మార్గం పని మార్పిడి. ప్యాకింగ్ సూపర్‌వైజర్ బోర్మా తనిఖీ చూస్తాడు, అతని పొద్దుటి స్టాకు పుస్తకం ఆమె రాస్తుంది. ఖర్చు సున్నా. రెండో సూపర్‌వైజర్‌ను ముందుగా అడగాలి, అంతే. అడగకుండా అతని నెత్తిన పడేస్తే వారం తిరక్కుండానే ‘ఆవిడ పని కూడా నేనే చేస్తున్నా’ అన్న మాట షెడ్డంతా తిరుగుతుంది.

చేతి విషయం ఇంకా తేలిక. ఫిస్టులా అంటే ముంజేతిలో ధమనినీ సిరనూ కలిపి చేసిన దారి. డయాలసిస్ సూదులు అందులోనే గుచ్చుతారు. దాని మీద బరువు పడి గడ్డకడితే ఆ రోజు డయాలసిస్ ఆగిపోతుంది, మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్తుంది. సూపర్‌వైజర్ 10 కిలోల టిన్నులు ఎత్తడం నిజానికి ఆమె ఉద్యోగంలో భాగం కాదు, మనిషి తక్కువైనప్పుడు అందరూ చేసే సాయం. అలాంటి పనిని ఉద్యోగానికి తప్పనిసరి అనడం కుదరదు. జవాబులో ఒక్క వాక్యంతో ఒప్పేసుకోవచ్చు.

అసలు చిక్కంతా పదకొండున్నరకు వెళ్లడంలో ఉంది. యజమాని అభ్యంతరం ఇక్కడ ఉత్తిది కాదు. పప్పు ఒలిచే, ఏరే ఆడవాళ్లకు కూలి కిలోల లెక్కన. సాయంత్రం నాలుగు దాటాక ఒక్కొక్కరి పప్పు తూకం వేసి, గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత అని పుస్తకంలో రాయాలి. ఆ అంకె మీదే వాళ్ల కూలి ఆధారపడుతుంది. తగవులొచ్చేదీ అక్కడే. ఆ తూకం సూపర్‌వైజర్ చేతి మీదుగా జరగాలి. సరిగ్గా ఆ వేళకు మూడు రోజులు ఆమె ఆసుపత్రి మంచం మీద ఉంటుంది. ‘రాత్రి విడతకు మార్చుకోండి’ అని యజమాని ఒకసారి అడగవచ్చు. ఆసుపత్రిలో ఖాళీ ఉండి, ఆమెకు ఒంటికి పడితే ఇద్దరికీ మేలే. కానీ దాన్ని షరతుగా పెట్టకూడదు. మిషన్ల వేళలు ఆసుపత్రి చేతిలో ఉంటాయి, ఆమె చేతిలో కాదు. పైగా రాత్రి పదింటికి డయాలసిస్ ముగించుకుని పొద్దున్నే ఎనిమిదింటికి షెడ్డులో నిలబడాలంటే ఆ నీరసంలో తూకం తప్పులు పెరుగుతాయి.

ఇప్పుడు గంటలు లెక్కిద్దాం. పదకొండున్నరకు వెళ్తే రోజుకు నాలుగున్నర గంటలు, వారానికి పదమూడున్నర గంటలు పోతాయి. ఆ మూడు రోజులూ ఆమె ఏడింటికే రాగలిగితే మూడు గంటలు తిరిగొస్తాయి. ఏడింటికే షెడ్డు తెరుస్తారు కాబట్టి అది కుదిరేదే. మిగిలిన లోటు పదిన్నర గంటలు. దాన్ని మిగతా మూడు రోజుల్లో ఓవర్‌టైం పెట్టి పూడ్చమనడం సులువుగా తట్టే ఆలోచన, కానీ మంచిది కాదు. ఒంట్లో కాస్త ఓపిక ఉండేవి ఆ రోజులే. వాటినీ పిండేస్తే రెండు నెలల్లో అసలుకే మోసం వస్తుంది. కాబట్టి లోటు లోటుగానే ఉంటుంది, వారానికి 37.5 గంటల పని. తూకానికి మాత్రం ప్రత్యామ్నాయం కావాలి. ఏళ్లుగా గ్రేడింగ్ బల్ల మీద ఉన్న ఒక అనుభవజ్ఞురాలికి నేర్పి, ఆ మూడు సాయంత్రాలు తూకం, పుస్తకం అప్పగిస్తే రోజుకు వంద రూపాయలు అదనంగా ఇవ్వాలనుకుందాం. నెలకు పదమూడు రోజులకు 1,300.

జీతం సంగతి ఇక్కడ కలుస్తుంది. గంటల లెక్కన కోస్తే 18,000లో 37.5 గంటల వాటా సుమారు 14,060. అంటే దాదాపు 3,900 మిగులు. అందులోంచి తూకానికి 1,300 పోయినా ఇంకా 2,600 మిగులుతుంది. జీతం 16,500గా పెట్టి, తూకం భత్యం 1,300 కలిపినా మొత్తం 17,800. అర్జీ రాకముందు ఆ సీటుకు అయిన ఖర్చు కంటే రెండొందలు తక్కువే. ‘భారం మోయలేం’ అనే వాదన ఈ కాగితం మీద నిలవదు. చాలా ఫ్యాక్టరీల్లో ఈ గుణకారం ఎవరూ చేయరు. చేయకుండానే కుదరదని రాస్తారు.

మరి పూర్తి జీతం ఇవ్వకపోవడం న్యాయమేనా? తగిన సర్దుబాటు అంటే పని చేసే తీరును మార్చడం. చేయని గంటలకు జీతం ఇమ్మని అది యజమానిని నిర్బంధించదు. పూర్తి జీతమిస్తే ఫ్యాక్టరీకి అదనంగా పడేది నెలకు 1,300. అరవై మంది ఉన్న సంస్థకు అది మోయలేని భారమని చెప్పడం హాస్యాస్పదం. కాబట్టి యజమాని పూర్తి జీతం కాదనదలిస్తే కారణం భారమని రాయకూడదు, పని గంటలు తగ్గాయని రాయాలి. ఆ కారణం కూడా ఒక పరీక్షకు నిలవాలి. మిగతా నెలజీతం వాళ్లు పెళ్లికో, బ్యాంకు పనికో రెండు గంటలు ముందు వెళ్లినప్పుడు కోత లేకుండా ఆమెకు మాత్రం నిమిషాల లెక్కన కోస్తే, అది పని గంటల లెక్క కాదు, వివక్షే. కోత ఎంతైనా ఆమె రాతపూర్వకంగా ఒప్పుకోకుండా పడకూడదు.

ఇక యజమాని దగ్గర ఉండే చివరి అస్త్రం గేటు దగ్గర కుర్చీ. ‘బరువు లేదు, వేడి లేదు, వచ్చేపోయే వాళ్ల పేర్లు రాసుకోండి, 11,000 ఇస్తాం.’ గ్రేడింగ్ పని తెలిసిన మనిషిని అక్కడ కూర్చోబెట్టడం సర్దుబాటు కాదు, హోదా తగ్గింపు. ఉన్న ఉద్యోగంలోనే సర్దడం కుదరదని లెక్కతో తేలాకే వేరే పోస్టు మాట ఎత్తాలి. ఇక్కడ లెక్క కుదురుతోంది కదా.

ఇదంతా కలిపి రాస్తే జవాబు ఇలా ఉండవచ్చు:

“సూపర్‌వైజర్ గారికి, మీ అర్జీ, డాక్టరు గారి కాగితం చూశాం. సోమవారం మీతో మాట్లాడాం. సోమ, బుధ, శుక్రవారాల్లో మీ పని వేళ ఉదయం 7 నుంచి 11.30 వరకు. మిగతా రోజుల్లో మార్పు లేదు. బోర్మా తనిఖీ ఇకపై ప్యాకింగ్ సూపర్‌వైజర్ చూస్తారు, వారి పొద్దుటి స్టాకు పుస్తకం మీరు రాస్తారు. టిన్నులు, బస్తాలు ఎత్తే పని మీకు ఉండదు. ఆ మూడు రోజుల సాయంత్రం తూకం వేరొకరు వేస్తారు. మొదటి రెండు వారాలు మంగళ, గురు, శనివారాల్లో మీరు పక్కనుండి వారికి నేర్పాలి. పూర్తి జీతం కొనసాగించాలన్న మీ కోరికను ఒప్పుకోలేకపోతున్నాం. వారానికి 10.5 గంటల పని తగ్గుతోంది. గంటల లెక్కన అయితే జీతం సుమారు 14,060 అవుతుంది. మేం 16,500 ఇవ్వగలం. హోదా, సర్వీసు మారవు. దీన్ని మీరు ఒప్పుకోకపోతే, వేరే ఆలోచన ఉంటే పది రోజుల్లో చెప్పండి, మళ్లీ కూర్చుని మాట్లాడుదాం. అప్పటిదాకా కొత్త వేళలు అమల్లో ఉంటాయి, జీతంలో కోత ఉండదు. ఈ ఏర్పాటును రెండు నెలల తర్వాత కలిసి సమీక్షిద్దాం. డయాలసిస్ వేళ మారితే వీలైనంతవరకు ఒక రోజు ముందు తెలియజేయండి.”

ఈ ఉత్తరంలో కాదన్న చోట కారణం, అంకె, ప్రత్యామ్నాయం ఒకే చోట ఉన్నాయి. బేరం తేలేదాకా వేళల మార్పు ఆపకపోవడం కూడా ముఖ్యం. డయాలసిస్ వాయిదా వేసుకునే పని కాదు కదా. ‘మానవతా దృక్పథంతో’ అన్న మాట కావాలనే లేదు. ఆ మాట పెడితే ఇచ్చినదంతా యజమాని దయ అవుతుంది, రేపు దయ తప్పితే వెనక్కి తీసుకోవచ్చు.

ఉత్తరం బాగున్నా ఏర్పాటు చెడిపోయే చోటు ఒకటుంది, అది హాజరు మిషన్. వేలిముద్ర పడే మిషన్‌లో ఎనిమిది నుంచి ఐదు అనే షిఫ్టే ఉంటే, పదకొండున్నరకు వెళ్లిన రోజు సగం సెలవుగా పడుతుంది. నెలకు పదమూడు సగాలంటే ఆరున్నర రోజుల కోత. జీతాలు చేసే గుమస్తాకు ఉత్తరం కాపీ అందకపోతే మొదటి నెల జీతంలోనే ఇది బయటపడుతుంది. ఆ స్లిప్పు చూసుకోవడమే ఆమె చేయాల్సిన మొదటి తనిఖీ. ఏర్పాటు యజమాని నోటి మాటగా మిగిలిందా, ఫ్యాక్టరీలో నిజంగా దిగిందా అనేది దాన్నిబట్టి తెలుస్తుంది.

యజమాని కారణం చెప్పకుండా కాదంటే ఆమె రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పదివేల దాకా, ఆ తర్వాత యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా ఉంది. అయితే షెడ్యూలులో లేని జబ్బుతో ఆ గడప ఎక్కే మనిషి, తాను విశాలమైన నిర్వచనం కిందికి వస్తానని ముందు ఒప్పించాల్సి ఉంటుంది. అందుకే డాక్టరు కాగితం, అర్జీ కాపీ, యజమాని జవాబు మొదటి రోజు నుంచి దాచుకోవాలి.

రెండు నెలల సమీక్షలో పరిస్థితి మారి ఉండవచ్చు. కిడ్నీ మార్పిడి జరిగితే కొన్ని నెలల తర్వాత ఆమె మళ్లీ పూర్తి పనికి రావచ్చు. ఒళ్లు సహకరించక మూడు రోజులే రాగలిగే స్థితి కూడా రావచ్చు. ఆ దశలో అదే సీటులో సర్దడం కష్టమైతే, ప్రభుత్వోద్యోగికి ఉన్నట్టు సమాన జీతంతో వేరే పోస్టు పొందే రక్షణ ఆమెకు నేరుగా లేదు. అప్పుడు ఆసరా ఈఎస్ఐ. నెల జీతం 21,000 లోపు ఉండి ఫ్యాక్టరీ ఈఎస్ఐ కింద ఉంటే, దీర్ఘకాలిక మూత్రపిండాల వైఫల్యం పొడిగించిన అస్వస్థత భత్యం వర్తించే జబ్బుల జాబితాలో ఉంది. రెండేళ్ల సర్వీసు, అందుకు తగినన్ని చందా కట్టిన రోజులు ఉంటే జీతంలో 80 శాతం చొప్పున గరిష్ఠంగా రెండేళ్ల దాకా వస్తుంది. ఆ జాబితా సంగతి చాలామంది కార్మికులకు తెలియదు. రాజీనామా కాగితం మీద సంతకం చేసేశాక తెలిసినా లాభం ఉండకపోవచ్చు. యజమాని రాసే ఉత్తరంలో చోటుంటే ఈ ఒక్క వాక్యం కూడా చేర్చడం మంచిది.